‘టెన్షన్ పడకండి’ అని చెబితే టెన్షన్ తగ్గదు

ఏటా ఫిబ్రవరి ఆఖర్లో మన హైస్కూళ్ళలో ఒక సభ జరుగుతుంది. పదో తరగతి పిల్లలందరినీ వరండాలో కూర్చోబెడతారు. బయటి నుంచి ఒక వక్త వస్తారు. గంటసేపు మాట్లాడతారు. కష్టపడితే సాధించలేనిది లేదంటారు, కలాం గారి పేరు చెబుతారు, చివర్లో పిల్లల చేత చేతులెత్తించి “మేము టెన్షన్ పడం” అని గట్టిగా అనిపిస్తారు. ఫోటోలు తీసి గ్రూపులో పెడతాం. రిజిస్టర్లో ‘లైఫ్ స్కిల్స్ సెషన్ నిర్వహించబడినది’ అని రాసుకుంటాం.

ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. ఆ సభ వల్ల ఏ పిల్లకైనా పరీక్ష హాల్లో ఒక్క నిమిషం మేలు జరిగిందంటే నేను నమ్మను. ఆ వక్తల్లో చాలామంది మంచివాళ్ళే, మనసుపెట్టే మాట్లాడతారు. కానీ ఈత రానివాడికి ఒడ్డున నిలబడి భయపడకు అని చెప్పినంత మాత్రాన ఈత రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల మొదట్లో బడుల కోసం జీవన నైపుణ్యాల జాబితా ఇచ్చినప్పుడు అందులో ఒత్తిడిని తట్టుకోవడం, భావోద్వేగాలను తట్టుకోవడం అని రెండు విడివిడిగా పెట్టింది. నైపుణ్యం అన్నాక చేయించాలి, తప్పులు చేయనివ్వాలి, మళ్ళీ చేయించాలి, కొన్నాళ్ళకు నిలిచిందో లేదో చూడాలి. సైకిలు నేర్పినా, లెక్కలు నేర్పినా ఇంతే చేస్తాం. ఒత్తిడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక ఉపన్యాసంతో సరిపెడుతున్నాం.

అందుకే మా బడిలో మేం వాడుతున్న పాఠ ప్రణాళికను ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సంక్రాంతి సెలవుల తర్వాత మొదలుపెట్టి, ఒక్కోటి నలభై ఐదు నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, వారానికి ఒకటి. ఆ తర్వాత ఫలితాలు వచ్చేదాకా ఫాలో అప్. ఈ రెండో భాగాన్నే అందరూ వదిలేస్తారు. నా లెక్కలో పాఠంలో సగం అదే.

మొదటి పీరియడ్: చీటీలు

పిల్లలకు తలా మూడు చిన్న చీటీలు ఇస్తాం. పేర్లు రాయొద్దు. “పరీక్షలనగానే నీకు ఏది గుర్తొచ్చి కడుపులో తిప్పుతుందో చీటీకి ఒకటి చొప్పున రాయి” అంటాం. పది నిమిషాలు. టీచరు తరగతిలో తిరగకూడదు, వెనక్కి వెళ్ళి కూర్చోవాలి. రాసేదాన్ని ఎవరో తొంగి చూస్తున్నారనిపిస్తే పిల్లలు ‘సిలబస్ ఎక్కువ’ అని రాసి ఊరుకుంటారు.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి: “వీటిలో కొన్నింటిని పేరు లేకుండా పైకి చదువుతాం. చదవొద్దనుకుంటే చీటీ మడిచి మూలన ఒక గుండ్రం చుట్టు.” ఆ గుండ్రం చాలా పని చేస్తుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

పెట్టెలో వేసిన చీటీలను కలిపి, గుండ్రం లేనివాటిని చదువుతూ బోర్డు మీద మూడు గడుల్లో వేస్తాం. ఏది ఏ గడిలో పడాలో పిల్లలే చెప్పాలి. మొదటి గడి ‘ఈ వారం నేనే ఏదైనా చేయగలను’. రెండోది ‘ఇంకొకరి సాయం కావాలి’. మూడోది ‘ఎవరమూ ఏమీ చేయలేం’. ‘త్రికోణమితి రాదు’ అన్నది మొదటి గడిలోకి వెళ్తుంది. ‘సెంటరు పక్క మండలంలో పడితే ఆటో దొరుకుతుందో లేదో’ అన్నది రెండో గడి. ‘పేపరు కష్టంగా ఇస్తే’ అన్నది మూడోది. ‘అక్కకి 560 వచ్చాయి, నాకు అన్ని రావు’ అనే చీటీ దగ్గర తరగతిలో ఎప్పుడూ వాదన జరుగుతుంది. అక్క మార్కులు మూడో గడిలోవి అని ఒకరంటారు. ఇంట్లో అక్కతో పోల్చడం ఆపమని అడగొచ్చు కదా, అది రెండో గడి అని ఇంకొకరు. ఆ వాదన జరగనివ్వాలి. ఒకే చీటీలో రెండు ముక్కలున్నాయని పిల్లలు వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టడమే ఈ పీరియడ్ ఉద్దేశం.

గడులు నిండాక బోర్డు వంక చూస్తే ఒకటి తెలుస్తుంది. ఏ ఏడు చేసినా పిల్లల భయాల్లో పెద్ద భాగం పాఠాల గురించి కాదు. ఆటో, ఆకలి, పరీక్ష రోజు నెలసరి వస్తే ఏం చేయాలన్న బెంగ, హాల్ టికెట్ పోతే ఏమవుతుందన్న భయం, స్క్వాడ్ వచ్చి ఉత్తి పుణ్యానికే లేపుతారేమోనన్న దిగులు. వీటిలో చాలావాటికి అక్కడికక్కడే జవాబు చెప్పేయవచ్చు. ఆటోల సంగతి హెడ్ మాస్టరు గారు చూస్తారు. సెంటర్లో మా టీచరమ్మ దగ్గర ప్యాడ్లు ఉంటాయి. హాల్ టికెట్ ఇంకో కాపీ బడిలో ఉంటుంది. ఆ మూడు మాటలతో తగ్గే టెన్షన్ ఏ ధ్యానంతోనూ తగ్గదు. అయితే చెప్పిన మాట నిలబెట్టుకోవాలి. రెండో గడిలో ఉన్న ప్రతిదానికీ ఎదురుగా ఎవరు చూస్తారో పేరు రాసి, ఆ చార్టును మార్చి దాకా గోడ మీదే ఉంచుతాం.

ఇక గుండ్రం చుట్టిన చీటీలు. వాటిని ఆ రోజే, ఒక్కరే కూర్చుని చదవాలి. ‘ఫెయిలైతే పెళ్ళి చేసేస్తారు’ అని ఒక చీటీలో ఉంది. ఆ పిల్లకు ఊపిరి పీల్చడం నేర్పితే సరిపోతుందా? అది పరీక్ష ఒత్తిడే కాదు, పదిహేనేళ్ళ పిల్లకు చట్టవిరుద్ధంగా పెళ్ళి చేయబోవడం. ఆ ఇంటికి వెళ్ళి మాట్లాడాలి, వినకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. ‘బతకాలని లేదు’ అని ఉంటే ఆ సాయంత్రం గడవకుండా ఎవరు రాశారో తెలుసుకోవాలి. పేరు లేదు కదా అని ఊరుకోకూడదు, రోజూ నోట్సులు దిద్దే టీచర్లం, చేతిరాత గుర్తుపట్టగలం. అందుకే మొదట్లోనే పిల్లలకు ఇంకో మాట కూడా చెబుతాను: “ప్రాణానికి ముప్పు అనిపించే చీటీ ఏదైనా ఉంటే మాత్రం నేను రహస్యంగా ఉంచను, నిన్ను వెతుక్కుంటూ వస్తాను.” అలా చెప్పినా రాస్తారు. నన్నడిగితే, వెతుక్కుంటూ రమ్మనే రాస్తారు.

రెండో పీరియడ్: బ్లాంక్ అయిన నిమిషం

“పేపరు చూడగానే అన్నీ మర్చిపోతాను సార్” అన్న మాట వినని టీచరు ఉండరు. నిజానికి మర్చిపోవడం కాదది. చదివింది ఎక్కడికీ పోదు. ఒక లెక్క చేయాలంటే ఇచ్చిన విలువలు, సూత్రం, ఇప్పటిదాకా చేసిన మెట్టు ఇవన్నీ మనసులో ఒకేసారి పట్టుకోవాలి. అలా పట్టుకునే చోటు చాలా చిన్నది. ‘ఫెయిలైతే ఎలా’ అన్న ఆలోచన వచ్చి అందులో కూర్చుంటే లెక్కకు చోటు మిగలదు. పైగా గుండె దడ, అరచేతుల చెమట చూసి ‘నాకేదో అవుతోంది’ అని భయం రెట్టింపవుతుంది. కాసేపటికి దడ తగ్గగానే అన్నీ గుర్తొస్తాయి, అప్పటికి గంట కొట్టేస్తారు.

దీనికి మందు ఆ నిమిషాన్ని ముందే ఒకసారి చూసి ఉండటం. అందుకే ఈ పీరియడ్లో చిన్న రిహార్సల్ పెడతాం. ఇది మార్కుల కోసం కాదని, ఎవరి పేపరూ దిద్దమని ముందే చెబుతాం. ఆ మాట చెప్పకుండా హఠాత్తుగా పెడితే అది పాఠం కాదు, పిల్లల్ని బెదిరించడం. బెంచీకి ఒకరు చొప్పున కూర్చోబెట్టి, పాత పబ్లిక్ లెక్కల పేపర్లోంచి కొంచెం కష్టమైన ప్రశ్నలు నాలుగు ఇస్తాం. బోర్డు మీద టైము రాస్తాం. వాళ్ళకు అంతగా పరిచయం లేని టీచరు ఒకరు ఇన్విజిలేటరులా మధ్యలో నడుస్తుంటారు. ఎనిమిది నిమిషాలయ్యాక “పెన్నులు కింద పెట్టండి” అని ఆపేస్తాం.

అప్పుడు మణికట్టు మీద నాడి పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెట్టమంటాం. నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి ఎన్నో వస్తుంది. (నాడి దొరకబట్టడం ముందు రోజు జీవశాస్త్రం పీరియడ్లోనే నేర్పి ఉంచాలి. లేకపోతే సగం టైము అక్కడే పోతుంది.) ఆ అంకెను కాగితం మీద రాసుకుంటారు. తర్వాత మూడు నిమిషాల పాటు నెమ్మదిగా ఊపిరి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెట్టేంతసేపు బయటికి. అంటే నిమిషానికి ఆరు ఊపిర్లు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది కాబట్టి వదిలే సమయాన్ని పెంచుతాం. మధ్యలో బిగబట్టడం ఉండదు. మళ్ళీ నాడి చూసుకుంటారు. పదిహేను సెకన్లకు 24 ఉన్న పిల్లకు 20 రావచ్చు, అంటే 96 నుంచి 80కి. తన చేతి కింద తన నాడే తగ్గడం చూసిన పిల్లకు ఇక నేను విడిగా చెప్పాల్సిందేమీ ఉండదు.

కొందరికి తగ్గదు. అది కూడా ఒప్పుకోవాలి. ఊపిరి మీద దృష్టి పెడితే మరింత ఆదుర్దా పడే పిల్లలు ప్రతి తరగతిలో ఒకరిద్దరుంటారు. ఆయాసం ఉన్నవాళ్ళు, తల తిరుగుతోందనే వాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళను బలవంతపెట్టకూడదు. వాళ్ళకు ఇంకో దారి చెబుతాం. రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించి, ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు మనసులో చెప్పుకోవడం. పని ఒకటే, ఆలోచనను భయం మీద నుంచి పక్కకు మళ్ళించడం.

ఊపిరితో పీరియడ్ ముగించేయడం చాలామంది చేసే పొరపాటు. స్థిమితపడ్డాక మొదట ఏం చేయాలో తెలియకపోతే భయం అర నిమిషంలో తిరిగొస్తుంది. ఈ సంగతి ఒక అమ్మాయి పేపరు చూస్తే బాగా తెలుస్తుంది.

ప్రీ ఫైనల్లో ఆ పిల్లకు లెక్కల్లో 26 వచ్చాయి. పాసుకు 35 కావాలి. ‘నాకు లెక్కలు రావు’ అని ఏడ్చింది. మేం ఆ పేపరు ముందేసుకుని కూర్చున్నాం. మన పదో తరగతి లెక్కల పేపర్లో మొత్తం 33 ప్రశ్నలు. ఒక మార్కువి పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది, నాలుగు మార్కులవి ఎనిమిది, ఎనిమిది మార్కులవి ఐదు. ఈ పిల్ల నాలుగో సెక్షన్‌తో మొదలుపెట్టింది. పెద్ద ప్రశ్నలు ముందు రాస్తే మంచిదని ఎవరో చెప్పారట. మొదటి ఎనిమిది మార్కుల లెక్కలోనే ఇరుక్కుంది, రెండు పేజీలు కొట్టివేతలు. అక్కడ భయం మొదలైంది. ఆ భయంతోనే మిగతాదంతా రాసింది. ఒక మార్కు ప్రశ్నల్లో ఐదు అసలు ముట్టుకోలేదు, చివరికి టైము లేదు. వాటిని ఇప్పుడు నోటితో అడిగితే నాలుగింటికి జవాబు చెప్పింది.

అప్పుడు కాగితం మీద లెక్క వేశాం. ఒక మార్కువి పన్నెండింటిలో ఎనిమిది వస్తాయి, 8 మార్కులు. రెండు మార్కులవి ఐదు, 10. నాలుగు మార్కులవి మూడు, 12. మధ్యగతం లెక్క బాగా వచ్చు కాబట్టి ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకటి, 8. మొత్తం 38. ఇది కొత్తగా ఒక్క పాఠం నేర్చుకోకుండా వచ్చే అంకె. ఆ పిల్ల ఆ 38ని రెండుసార్లు కూడి చూసుకుంది. తనకు లెక్కలు రావన్న మాట నిజం కాదు. తను మొదలుపెట్టే చోటు తప్పు.

అందుకే ఊపిరి తర్వాత ‘మొదటి నిమిషం’ అభ్యాసం చేయిస్తాం. పరీక్ష 9:30 నుంచి 12:45 దాకా, అందులో మొదటి పదిహేను నిమిషాలు పేపరు చదువుకోవడానికే ఇస్తారు. చాలామంది పిల్లలు ఆ పదిహేను నిమిషాల్లో రాని ప్రశ్నలు వెతుక్కుని వాటినే చూస్తూ కూర్చుంటారు. మేం చేయించేది ఇది: పేపరు అందగానే రెండు నెమ్మదైన ఊపిర్లు. తర్వాత మొదటి సెక్షన్ నుంచి వరుసగా కళ్ళతోనే చదువుతూ వచ్చినవాటి నంబర్లు మాత్రమే మనసులో లెక్కపెట్టుకోవడం. రానిది కనిపిస్తే దాని మీద ఆగకుండా ముందుకు. రాయడం మొదలుపెట్టేది కచ్చితంగా వచ్చిన ఒక్క మార్కు ప్రశ్నతో. మధ్యలో ఎక్కడైనా బ్లాంక్ అయితే పెన్ను కింద పెట్టి, రెండు ఊపిర్లు, ఆ ప్రశ్నకు చోటు వదిలి, వచ్చిన ఇంకో చిన్న ప్రశ్నకు పోవడం. దీన్ని పాత పేపర్లతో పిల్లలు వరుసగా మూడుసార్లు చేస్తారు. మూడోసారి ఎవరూ ఏమీ గుర్తుచేయరు.

మూడో పీరియడ్: పుస్తకం మూసి

టెన్షన్‌కు ఇంకో వేరు చదివే పద్ధతిలోనే ఉంది. స్టడీ అవర్‌లో పిల్లలు అదే పేజీ ఐదారుసార్లు పైకి చదువుతారు. కళ్ళకు అలవాటై వచ్చేసిందనిపిస్తుంది. తీరా స్లిప్ టెస్టులో రాదు. ‘ఎంత చదివినా రావట్లేదు’ అన్న దిగులు అక్కడ పుడుతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని చక్కగా పరీక్షించారు. విద్యార్థులు ఒక చిన్న వ్యాసం చదివాక కొందరు మళ్ళీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే తలకిందులైంది. చూడకుండా రాసినవాళ్ళకు సుమారు 56 శాతం గుర్తుంది, మళ్ళీ చదివినవాళ్ళకు 42 శాతం.

దీన్ని తరగతిలోనే చేయించవచ్చు. జీవశాస్త్రంలో ఎవరూ ఇంకా చదవని ఒక పేజీ తీసుకుంటాను. అందరూ ఏడు నిమిషాలు చదువుతారు. తర్వాత కుడి వైపు బెంచీలవాళ్ళు ఇంకో ఏడు నిమిషాలు చదువుతారు. ఎడమ వైపువాళ్ళు పుస్తకం మూసి, గుర్తున్నవన్నీ కాగితం మీద రాస్తారు. వారం తర్వాత, ముందు చెప్పకుండా, అదే పేజీ మీద పది బిట్లు. రెండు వైపుల సగటు పిల్లలే వేస్తారు. ఆ తర్వాతి వారం ఇంకో పేజీతో వైపులు మారతాయి, ఎవరికీ అన్యాయం జరగకూడదు కదా. నలభై మంది తరగతిలో ప్రతిసారీ తేడా స్పష్టంగా రాకపోవచ్చు. రాకపోతే రాలేదనే చెప్పాలి. కానీ ఆ పుస్తకం మూసిన ఏడు నిమిషాలు ఎంత ఇబ్బందిగా ఉన్నాయో ఎడమ వైపు వాళ్ళంతా చెబుతారు. ఆ ఇబ్బందిని పరీక్షకు చాలా ముందే, తప్పు రాసినా నష్టం లేని చోట పడటం మంచిది.

ఇదే పీరియడ్ చివరి పది నిమిషాలు ఇంట్లో మాట్లాడటం గురించి. జంటలుగా కూర్చుని ఒకరు అమ్మగానో నాన్నగానో నటిస్తారు. “పక్కింటి పిల్లని చూడు, తెల్లారి నాలుక్కే లేస్తుంది” అని అమ్మ అంటుంది. పిల్లలు మొదట్లో “నన్ను ప్రెషర్ చేయొద్దమ్మా” అంటారు. ఆ మాటతో ఏ అమ్మకూ ఏం చేయాలో తెలియదు, కోపం మాత్రం వస్తుంది. చేయగలిగిన చిన్న పని ఒకటి అడగమంటాం. “అమ్మా, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ సౌండ్ తగ్గించవా? పదింటికి పడుకుని ఐదింటికి లేస్తా.” “నాన్నా, పరీక్ష రాసి రాగానే ఎన్ని మార్కులొస్తాయని అడగొద్దు, సాయంత్రం నేనే చెబుతా.” ఇలాంటి మాట ఒకటి తయారుచేసుకుని ఆ రాత్రి ఇంట్లో చెప్పి రావడమే హోంవర్క్. చెప్పలేకపోయానన్నవాళ్ళ ఇళ్ళకు పేరెంట్స్ మీటింగ్ రోజున మేమే ఆ మాట చేరవేస్తాం.

ఫాలో అప్

ప్రతి పిల్లకూ పోస్టుకార్డు సైజు అట్ట ఒకటి ఉంటుంది. దాని మీద మూడు ప్రశ్నలు. ఈ వారం పుస్తకం మూసి రాసిన రోజులెన్ని? సగటున ఎన్ని గంటలు పడుకున్నావు? బ్లాంక్ అయిందా, అయితే ఏం చేశావు? శనివారం ఐదు నిమిషాల్లో నింపి ఇస్తారు. మార్కుల ప్రస్తావన ఉండదు. నేను ఆ అట్టలు చూసేది రెండింటి కోసం. నిద్ర గంటలు వారం వారం తగ్గుతున్న పిల్ల ఎవరు? మూడో ప్రశ్న వరుసగా ఖాళీగా వదిలేస్తున్న పిల్లవాడు ఎవరు? వాళ్ళతో విడిగా మాట్లాడతాను.

ఒత్తిడి మామూలు హద్దు దాటిందని తెలిపే గుర్తులు టీచర్లందరికీ తెలిసి ఉండాలి. వరుసగా రోజుల తరబడి నిద్ర, తిండి లేకపోవడం, స్నేహితులతో మాట మానేయడం, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేయడం, ‘నేను లేకపోతే అందరికీ హాయి’ లాంటి మాటలు. అలాంటప్పుడు చుట్టూ తిప్పకుండా, మెల్లగా, నేరుగా అడగాలి: “చనిపోవాలని అనిపిస్తోందా అమ్మా?” అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనవాళ్ళు భయపడతారు. అది నిజం కాదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది. అవునంటే ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు. ఇంట్లోవాళ్ళను పిలిపించాలి, ఆసుపత్రికి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి ఈ సేవ ఉంది. ఆ నంబరు గోడ మీద రాయడమే కాదు, పిల్లల చేత అట్ట వెనక రాయిస్తాం.

పబ్లిక్ పరీక్షల మధ్య రోజుల్లో ఒకే నియమం: అయిపోయిన పేపరు జవాబులు బడిలో ఎవరూ సరిచూడరు, టీచర్లతో సహా. మొదటి ఏడు మా లెక్కల మాస్టారికి ఇది నచ్చలేదు. ఎక్కడ తప్పు చేశారో తెలియాలి కదా అన్నారు. తెలిసి ఆ పేపరుకు చేయగలిగిందేమీ లేదు, తర్వాతి పేపరుకు మాత్రం నష్టం.

అందరూ మర్చిపోయే ఘట్టం ఫలితాలు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో తప్పులు దొర్లాయని గొడవ జరిగి, ఫెయిలైన వాళ్ళందరి పేపర్లనూ ఉచితంగా మళ్ళీ పరిశీలించారు. ఒక ఆత్మహత్యకు కారణం ఒక్కటే అని ఎవరూ తేల్చలేరు. కానీ ఫలితాలు వచ్చే వేళకు బడి, కాలేజీ సెలవుల్లో ఉంటాయన్నది మాత్రం మనకు ముందే తెలిసిన విషయం. పరీక్షకు ముందు రోజు దాకా పిల్లల వెంట పడ్డ మనం, అసలు ప్రమాదం ఉన్న రోజున ఎక్కడ ఉంటున్నాం?

మా పాఠంలో దీనికి ఏర్పాటు పరీక్షలకు ముందే అవుతుంది. ఆఖరి పని దినాన పది నిమిషాలు ‘ఫెయిలైతే ఏం జరుగుతుంది’ అని చెబుతాం. అపశకునం మాట్లాడుతున్నారని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. అయినా చెబుతాం. రీకౌంటింగ్, రీ వెరిఫికేషన్ ఉన్నాయి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ వేసవిలోనే జరుగుతుంది. అందులో పాసైతే అదే ఏడాది ఇంటర్లో చేరవచ్చు. పోయిన సబ్జెక్టు మాత్రమే రాయాలి. ఇవన్నీ ఫలితాల రోజు మొదటిసారి వినే పిల్లకు చెవికెక్కవు. పిల్లలందరినీ టీచర్ల మధ్య పంచుకుంటాం, ఒక్కొక్కరికి ఏడెనిమిది మంది. ఫలితాలు వచ్చిన గంటలోపు ఫెయిలయ్యే అవకాశం ఉన్నవాళ్ళకూ, 580 వస్తాయని ఆశపడి 520 దగ్గర ఆగేవాళ్ళకూ ముందు ఫోన్ చేయాలి. ఈ రెండో రకం పిల్లల గురించి ఎవరికీ అనుమానం రాదు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను. ఫోన్‌లో మార్కుల గురించి మాట్లాడం. పిల్లతోనే నేరుగా మాట్లాడతాం, ఇంట్లో ఎవరున్నారని అడుగుతాం, రేపు బడి దగ్గరకు ఎన్నింటికి వస్తావని అడుగుతాం. ఎత్తకపోతే దగ్గర్లో ఉన్న టీచరు ఇంటికి వెళ్తారు.

ఇంతా విని నా తోటి ఉపాధ్యాయులు అడిగేవి రెండు. సిలబస్సే అవ్వట్లేదు, మూడు పీరియడ్లు ఎక్కడివి? స్టడీ అవర్లలో వారానికొకటి తీసుకుంటే సిలబస్ ముట్టుకోనక్కర్లేదు. పుస్తకం మూసి రాయడం, పాత పేపరు చేయడం ఎటూ చదువే. రెండో ప్రశ్న ఇంకా బరువైనది. ఒత్తిడి పెట్టేది మనమే, తట్టుకోమని నేర్పేదీ మనమేనా? ఈ ప్రశ్న న్యాయమైనది. ర్యాంకుల గోల, ఇంటి పరిస్థితి మూడు పీరియడ్లతో మారవు. కానీ బడి తన చేతిలో ఉన్నదాన్ని ఒకటి మార్చకుండా ఈ పాఠం మొదలుపెట్టకూడదన్నది నా పట్టుదల. మా దగ్గర మారింది ఇది: స్లిప్ టెస్టు మార్కులు తరగతిలో పైకి చదవడం, నోటీసు బోర్డులో పెట్టడం మానేశాం. పేపరు తిప్పి చేతికి ఇస్తాం. జిల్లా అధికారులకు పంపాల్సిన మార్కులు ఎలాగూ పంపుతున్నాం, పిల్లల ముందు చదవాలని ఎవరూ అడగలేదు. చీటీల్లో ఏటా కనిపించే ‘అందరి ముందు నా మార్కులు చదువుతారు’ అన్న మాట ఆ తర్వాతి జనవరిలో పెట్టెలో పడలేదు.

ఈ ప్రణాళిక తీసుకునేవాళ్ళు ఎవరైనా పీరియడ్లు తగ్గించాల్సి వస్తే మూడోది తగ్గించండి, ఆ పని స్టడీ అవర్లో చేయవచ్చు. చీటీలు చదివే ఓపిక, ఆ సాయంత్రం ఇళ్ళకు వెళ్ళే వీలు లేకపోతే మొదటిది అసలు మొదలుపెట్టకండి. పిల్ల రాసి ఇచ్చాక ఎవరూ రాకపోతే, ఇంకెప్పుడూ ఎవరికీ రాయదు. ఫలితాల రోజు ఫోన్ల జాబితా మాత్రం మిగతావేవీ చేయకపోయినా తయారుచేయండి. దానికి పీరియడ్ అక్కర్లేదు, స్టాఫ్ రూమ్‌లో పావుగంట చాలు.